‘నేను కాదు, పిల్లి!’: నిమిషం నిడివి పిల్లల కథలో పల్లవి, చప్పుడు, నీతి ఎలా కలుస్తాయి

ఫోన్ నిలువుగా పట్టుకుని చూసే చిన్న వీడియోల్లో పిల్లల కథలు ఇప్పుడు లెక్కలేనన్ని. దాదాపు అన్నిటి తీరూ ఒకటే. ఒక జంతువో, ఒక చిన్నపిల్లో ఉంటుంది, ఒక మాట నాలుగైదుసార్లు వస్తుంది, మధ్యమధ్య ఢాం, టింగ్, బుస్ అని చప్పుళ్ళు, చివర్లో ఒక నీతి. చూసే పిల్లలు కొన్నిటికి అతుక్కుపోయి ఆ మాటను ఇల్లంతా తిరుగుతూ అంటారు. కొన్నిటిని పది సెకన్లకే తోసేస్తారు. రెండిట్లోనూ సరుకు ఒకటే ఉన్నప్పుడు ఈ తేడా ఎక్కడి నుంచి వస్తోందన్నది కథలు రాసేవాళ్ళకూ తల్లిదండ్రులకూ అంతుపట్టని విషయం. మళ్ళీ మళ్ళీ అదే మాట వింటే పిల్లలకు మేలా, విసుగా? చప్పుడు కథకు సాయమా, అడ్డమా? నీతిని పైకి చెప్పాలా, వదిలేయాలా? వీటి మీద అభిప్రాయాలు గట్టిగానే చీలి ఉన్నాయి.

ఈ మూడిటినీ విడివిడిగా చూస్తే చిక్కు విడదు. నిమిషం కథలో పల్లవి, చప్పుడు, నీతి అనే మూడూ ఉన్న కొద్ది సెకన్లనే పంచుకుంటాయి. ఒకటి ఎక్కువ తింటే మిగతా రెంటికీ మిగలదు. అందుకే ఒక కథను పూర్తిగా ముందు పెట్టుకుని, అది ఎలా నడుస్తుందో చూడటం మేలు.

ముందుగా నాలుగు మాటల అర్థం

‘షార్ట్’ అంటే నిలువు చట్రంలో వచ్చే చిన్న వీడియో. యూట్యూబ్ ఈ పద్ధతిని 2020 సెప్టెంబరులో మొదట మన దేశంలోనే ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. ఆ తర్వాత చాలాకాలం గరిష్ఠ నిడివి 60 సెకన్లు. 2024 అక్టోబరు 15 నుంచి మూడు నిమిషాల వరకు అనుమతిస్తున్నారు. పిల్లల కథలు మాత్రం ఇప్పటికీ ఎక్కువగా నిమిషం చుట్టూనే తిరుగుతున్నాయి.

‘పల్లవి’ అని ఇక్కడ అంటున్నది కథలో తిరిగి తిరిగి వచ్చే ఒక చిన్న వాక్యం. పాటగా పాడనక్కర్లేదు, లయ ఉంటే చాలు. ‘చప్పుడు సూచన’ అంటే స్క్రిప్టులో ఏ చోట, ఏ వస్తువు, ఎలా మోగాలో రాసే గమనిక. చదివేవాళ్ళు దాన్ని పైకి చదవరు. ఎడిటింగ్ చేసే మనిషి కోసం రాసే మాట అది. ‘మృదువైన నీతి’ అంటే భయపెట్టకుండా, తప్పు చేసిన పాత్రను అవమానించకుండా, కథలో జరిగిన పని ద్వారా తెలిసే నీతి. ‘అబద్ధమాడితే కళ్ళు పోతాయి’ అన్నది నీతే గానీ మృదువైనది కాదు.

ముందు పెట్టుకున్న కథ

అమ్మమ్మ ఇల్లు. బుజ్జికి ఐదేళ్ళు. స్క్రిప్టు ఇలా ఉంటుంది:

[చప్పుడు: అటక మీంచి స్టీలు డబ్బా పడటం. ఢాం! వెంటనే మూత గచ్చు మీద గిర్రున తిరిగి ఆగడం. మొత్తం 3 సెకన్లు. మాట లేదు]
అమ్మమ్మ (పక్క గదిలోంచి): ఎవరమ్మా అది?
బుజ్జి: నేను కాదు, పిల్లి!
కథ చెప్పే గొంతు: పిల్లి గుమ్మం దగ్గర నిద్రపోతోంది. సున్నుండ బుజ్జి నోట్లో ఉంది.

[చప్పుడు: గట్టు మీంచి ఇత్తడి చెంబు. ఠంగ్! లొడలొడా దొర్లి, నీళ్ళు బుడబుడా ఒలకడం. 3 సెకన్లు]
అమ్మమ్మ: ఎవరమ్మా అది?
బుజ్జి: నేను కాదు, పిల్లి!
కథ చెప్పే గొంతు: పిల్లి తోక కూడా కదపలేదు.

[చప్పుడు: ముగ్గుపిండి డబ్బా ఒలికి బుస్సుమనడం, అర సెకను ఆగి చిన్న తుమ్ము. 4 సెకన్లు]
అమ్మమ్మ: ఎవరమ్మా అది?
బుజ్జి: నేను కా... హాఛ్! ...దు, పిల్లి!
కథ చెప్పే గొంతు: అమ్మమ్మ పిల్లిని బయటపెట్టి తలుపేసింది.
అమ్మమ్మ: ఈ పూట నీకు పాలు లేవు!

[చప్పుడు: తలుపు కిర్ర్ర్... టక్. తర్వాత 2 సెకన్లు ఏ చప్పుడూ వద్దు, సంగీతం కూడా. ఆపైన తలుపు అవతలి నుంచి, సన్నగా: మ్యావ్]
బుజ్జి (మెల్లగా): అమ్మమ్మా... పిల్లి కాదు, నేను!

[చప్పుడు: తలుపు తెరుచుకోవడం, 1 సెకను]
అమ్మమ్మ: చెప్పేశావుగా తల్లీ. రా, ఇద్దరం కలిసి ఊడ్చేద్దాం.
[చప్పుడు: చీపురు సరసర. దాని వెనక పిల్లి పాలు తాగే లపలప. 4 సెకన్లలో మెల్లగా తగ్గిపోవాలి]

ఇంతే కథ. నీతి వాక్యం ఎక్కడా లేదు. అయినా నీతి ఎక్కడుందో ఎవరికైనా తెలుస్తుంది. మూడుసార్లు ఒక వరసలో వచ్చిన పల్లవి నాలుగోసారి తిరగబడింది. మాటలు అవే మూడు, వాటి చోటు మాత్రమే మారింది.

పల్లవి: మాట మారకూడదు, పరిస్థితి మారాలి

మన కథల్లో పునరుక్తికి పాత అలవాటే ఉంది. ఏడు చేపల కథ తెలియని తెలుగు ఇల్లు అరుదు. ‘చేపా చేపా ఎందుకు ఎండలేదు?’ అంటే ‘గడ్డిమోపు అడ్డమొచ్చింది’ అంటుంది. గడ్డిమోపును అడిగితే ఆవు మేయలేదంటుంది. అలా ఒకరి మీంచి ఒకరికి పోయి చివరికి చీమ దగ్గర ఆగుతుంది. జానపద కథలను వర్గీకరించే ఆర్నె–థాంప్సన్–ఉథర్ సూచికలో ఇలాంటి గొలుసుకట్టు కథలకు 2000 నుంచి 2100 వరకు అంకెలు కేటాయించారంటే, ప్రపంచమంతటా ఇవి ఎంత విస్తారంగా ఉన్నాయో ఊహించవచ్చు.

అయితే ఏడు చేపల కథలో పునరుక్తి ఒక రకం, బుజ్జి కథలో మరో రకం. మొదటి దాంట్లో ప్రశ్న తీరు ఒకటే, అడిగే పేరు మారుతుంది. వినే పిల్లకు పేరు గుర్తుండాలి, వరస గుర్తుండాలి, అందుకే అది జ్ఞాపకశక్తికి ఆట. తీరిగ్గా, పక్కలో పడుకోబెట్టుకుని చెప్పినప్పుడు అద్భుతంగా పనిచేస్తుంది. నిమిషంలో కుదించబోతే సగం గొలుసు తెంపాల్సి వస్తుంది. రెండో రకంలో మాట అక్షరం మారదు, దాని చుట్టూ ఉన్న పరిస్థితి మారుతుంది. పిల్లలు మాటను రెండోసారికే పట్టేస్తారు, మూడోసారి ముందే అంటారు. నిమిషం కథలకు ఈ రెండో రకం ఎక్కువగా నప్పడానికి కారణం అదే.

బుజ్జి కథలో పల్లవి మూడుసార్లు వచ్చినా మూడుసార్లూ ఒకే పని చేయలేదు. మొదటిసారి అది వట్టి జవాబు. వెంటనే కథ చెప్పే గొంతు అసలు సంగతి చెప్పేసింది కాబట్టి, రెండోసారి వినేవాళ్ళకు అది అబద్ధమని ముందే తెలుసు. అమ్మమ్మకు తెలియనిది తనకు తెలుసన్న సంబరం పిల్లలకు ఇక్కడే మొదలవుతుంది. మూడోసారి తుమ్ము వచ్చి మాటను మధ్యలో విరిచేసింది. ‘కా... హాఛ్! ...దు’ దగ్గర నవ్వు వస్తుంది, అబద్ధం ఇక నిలవదన్న సూచనా అందులోనే ఉంది. ఒకే వాక్యం మూడు మెట్లు ఎక్కింది. చాలా వీడియోల్లో పల్లవి విసుగు పుట్టించడానికి కారణం అది ఎక్కువసార్లు రావడం కాదు, వచ్చిన ప్రతిసారీ అదే చోట నిలబడటం. అలాంటి కథలో రెండో పల్లవిని తీసేసి విని చూస్తే కథకు ఏ నష్టమూ కనబడదు. లోపం అక్కడుందని అప్పుడే తెలుస్తుంది.

ఇక లయ సంగతి. ‘నేను’, ‘కాదు’, ‘పిల్లి’: మూడు మాటల్లోనూ మొదటి అక్షరం గురువు, రెండోది లఘువు. ‘పిల్లి’లో ‘పి’ హ్రస్వమే అయినా తర్వాత ద్విత్వం ఉండటంతో గురువవుతుంది. ఛందస్సు పాఠంలో చదువుకున్న హగణాలు వరసగా మూడన్నమాట. మూడు చప్పట్లకు మూడు మాటలు సరిగ్గా సరిపోతాయి. తిరగేసి ‘పిల్లి కాదు, నేను’ అన్నా గణాలు చెక్కుచెదరవు కాబట్టి, చివరి మలుపులో లయ తప్పదు. పిల్లల చెవికి ‘ఇది అదే పల్లవి’ అని తెలుస్తూనే ‘కానీ ఏదో మారింది’ అని కూడా తెలుస్తుంది. అదే చోట ‘నేనసలు ఏమీ చేయలేదు, అదంతా పిల్లి చేసిన పనే’ అని రాసి ఉంటే అర్థంలో లోటేమీ లేదు, కానీ చప్పట్లకు అందదు, పిల్లలు మొత్తం పట్టలేరు, తిరగేయడానికీ కుదరదు. పల్లవి ఎనిమిది పది అక్షరాలు దాటితే సాధారణంగా ఇదే జరుగుతుంది.

పునరుక్తి మేలు చేస్తుందనేవాళ్ళకు పరిశోధన బలం కొంత ఉంది. ఇంగ్లండ్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయానికి చెందిన జెస్సికా హార్స్ట్, ఆమె సహచరులు 2011లో ప్రచురించిన అధ్యయనంలో మూడేళ్ళ పిల్లలకు కొత్త పదాలున్న కథలు చదివి వినిపించారు. కొందరికి ఒకే కథను మళ్ళీ మళ్ళీ, మరికొందరికి వేరువేరు కథలు. కొత్త పదాలు రెండు జట్లకూ సమానంగానే వినపడ్డా, ఒకే కథ విన్న పిల్లలు వాటిని మెరుగ్గా నేర్చుకున్నారు. అయితే ఇక్కడ తిరిగి వచ్చింది మొత్తం కథ. ఒకే కథలో ఒక వాక్యాన్ని పదిసార్లు కొట్టడానికి దీన్ని సాక్ష్యంగా తీసుకోవడం సరికాదు. పిల్లలు ఊఁ కొట్టే బదులు ఫోన్ వైపు గుడ్లప్పగించి చూస్తున్నారనీ, పల్లవి కథ కోసం కాక కళ్ళు తిప్పుకోకుండా కట్టిపడేయడం కోసం పెడుతున్నారనీ కొందరు తల్లిదండ్రులు చేసే ఫిర్యాదులోనూ నిజం ఉంది. పల్లవి తర్వాత ఒకటి రెండు సెకన్ల ఖాళీ ఉందా లేదా అన్నది ఈ రెంటి మధ్య గీతను కొంతవరకు చూపిస్తుంది. ఖాళీ ఉంటే పిల్ల అందుకోగలదు. లేకపోతే వినడం తప్ప ఆమె చేయగలిగింది లేదు.

చప్పుడు: కథలో జరిగిన పనా, పైన చల్లిన అలంకారమా

పిల్లల కథల్లో చప్పుళ్ళు రెండు జాతులు. బుజ్జి కథలో డబ్బా పడటం ఒక సంఘటన. దాన్ని తీసేస్తే అమ్మమ్మ ‘ఎవరమ్మా అది?’ అని అడగడానికి కారణమే లేదు. చాలా వీడియోల్లో వినపడే టింగ్, బోయింగ్, చప్పట్ల మోత అలా కాదు. కథలో ఎవరూ చేయని చప్పుళ్ళవి. అవి ఉండకూడదని కాదు గానీ, సంఘటన చప్పుడు, అలంకారం చప్పుడు ఒకే బిగ్గరతనంతో వరసగా వస్తుంటే పిల్లల చెవి దేన్ని పట్టుకోవాలో తేల్చుకోలేదు. ఒక నిమిషం కథలో ఏడెనిమిది సంఘటన చప్పుళ్ళు ఉన్నాయంటే ఇక అలంకారానికి చోటు లేనట్టే.

స్క్రిప్టులో సూచన రాసే తీరులోనే సగం తప్పులు పుడతాయి. ‘చప్పుడు: డబ్బా’ అని మాత్రమే రాస్తే ఎడిటింగ్ చేసే మనిషికి ఏది దొరికితే అది వస్తుంది. చాలాసార్లు అది ఉరుము లాంటి దబ్బున పడే మోత. పై స్క్రిప్టులో ప్రతి సూచనలోనూ వస్తువు ఏమిటో, చప్పుడు ఎలా మొదలై ఎలా ఆగుతుందో, ఎన్ని సెకన్లో, మాటకు ముందా వెనకా అన్నది ఉంది. స్టీలు డబ్బా అని ప్రత్యేకంగా రాయడానికి ఇంకో కారణం ఫోన్ స్పీకరు. ఆ చిన్న స్పీకర్లు లోతైన ధ్వనులను పలకలేవు. చాలా ఫోన్లలో సుమారు 200 హెర్ట్జ్ కిందివి దాదాపు మాయమవుతాయి. గోనెసంచి దభీమని పడ్డ చప్పుడు హెడ్‌ఫోన్లలో గంభీరంగా ఉంటుంది, ఫోన్లో వట్టి ‘తప్’ అయిపోతుంది. స్టీలు మూత గిర్రున తిరిగే మోత పై స్థాయి ధ్వని కాబట్టి ఎంత చిన్న స్పీకర్లోనైనా బతుకుతుంది. ఇత్తడి చెంబును ఎంచుకున్నదీ అందుకే.

మాట మీద చప్పుడు పడటం రెండో పెద్ద లోపం. చీపురు సరసర, వాన జడి, నీళ్ళ హోరు వంటివన్నీ గాలి హోరు జాతివి. మన స, శ, చ అక్షరాల ధ్వని కూడా ఆ పై స్థాయిలోనే ఉంటుంది. చీపురు మోగుతుండగా ‘సున్నుండ’ అంటే పిల్లకు ‘ఉన్నుండ’ అని వినిపించవచ్చు. అందుకే చీపురును అమ్మమ్మ మాట పూర్తయ్యాకే మొదలుపెట్టారు. కథ వెనక సంగీతం ఉంటే అది గొంతుకంటే 15 డెసిబెళ్ళైనా తక్కువలో ఉండటం మామూలు పద్ధతి. రికార్డు చేసినవాళ్ళకు ఎడిటింగ్ చేసేటప్పుడు మాట ముందే తెలుసు కాబట్టి సంగీతం ఎంత ఎక్కువున్నా స్పష్టంగానే వినిపిస్తుంది. కథ తెలియని మనిషికి, ఫోన్‌ను వంటింట్లో ఫ్యాను కింద పెట్టి వినిపిస్తే అసలు రంగు బయటపడుతుంది.

చెప్పే గొంతు ‘డబ్బా ఢామ్మని పడింది’ అనాలా, చప్పుడు వినిపించి ఊరుకోవాలా అన్న దాని మీద రెండు అభిప్రాయాలున్నాయి. చప్పుడు ఉన్నాక మాట దండగ, సెకన్లు వృథా అన్నది ఒకటి. తెలుగుకు అనుకరణ పదాల సంపద అపారం: గలగల, జలజల, చిటపట, కరకర, లొడలొడ, బుడబుడ. రెండు మూడేళ్ళ పిల్లలకు చప్పుడు వినిపించి వెంటనే దాని మాట చెబితే ఆ పదం అక్కడే అతుక్కుంటుంది కదా అన్నది రెండోది. వయసును బట్టి రెండూ సబబే. చిన్నవాళ్ళ కోసం చేస్తే ‘లొడలొడా దొర్లింది చెంబు’ అన్న వాక్యాన్ని చప్పుడు ఆగాక చేర్చవచ్చు. అప్పుడు రెండు సెకన్లు పెరుగుతాయి, ఒక సంఘటన తగ్గించుకోవాలి. రెండూ ఒకేసారి, ఒకదానిపై ఒకటి వస్తే మాత్రం చప్పుడూ వినపడదు, పదమూ వినపడదు.

రికార్డు చేసిన చప్పుళ్ళా, నోటితో చేసేవా అన్నది కూడా ఇలాంటిదే. నోటితో చేసిన ‘ఢాం’ను పిల్ల వెంటనే అనుకరించగలదు. అసలు డబ్బా మోత కథను నిజం చేస్తుంది. బుజ్జి కథలో తుమ్ము, మ్యావ్ నోటితో చేసినవైతేనే బాగుంటాయి, ఎందుకంటే పిల్లలు తిరిగి చేసేవి అవే.

అన్నిటికంటే ఎక్కువ పని చేసే సూచన మాత్రం తలుపు మూసుకున్నాక వచ్చే రెండు సెకన్ల నిశ్శబ్దం. అప్పటిదాకా ప్రతి పదిపన్నెండు సెకన్లకూ ఏదో ఒకటి పడుతూనే ఉంది. ఒక్కసారిగా ఏమీ లేకపోయేసరికి చెవి వెతుక్కుంటుంది. ఆ వెతుకులాటలోకి తలుపు అవతలి మ్యావ్ వస్తుంది. ఎడిటింగ్‌లో అందరూ ముందుగా కత్తిరించేది ఇదే. చూసేవాళ్ళు తోసేసి వెళ్ళిపోతారన్న భయం. కత్తిరిస్తే బుజ్జి ఎందుకు మనసు మార్చుకుందో ఇక తెలియదు. అబద్ధం నుంచి నిజానికి ఆమె నడిచిన దారి మొత్తం ఆ రెండు సెకన్లలోనే ఉంది.

నీతి: శిక్ష చూపించడం, నిజం చెప్పాక ఏమవుతుందో చూపించడం

నీతిని చివర్లో వాక్యంగా చెప్పడం మన సంప్రదాయానికి కొత్త కాదు. నీతి కథల పుస్తకాల్లో ‘ఈ కథలోని నీతి’ అని అడుగున ఉండేది. శతక పద్యాలైతే నీతిని నేరుగానే చెబుతాయి. చెప్పకపోతే చిన్నపిల్లలకు కథలోని పిల్లి, సున్నుండ గుర్తుంటాయి గానీ విషయం ఎక్కదన్నది ఈ పక్షం వాదన. ఇది గాలి మాట కాదు. ఐదారేళ్ళ లోపు పిల్లలు కథలో పైకి కనబడే వివరాలనే పట్టుకుంటారని, లోపలి సారం సొంతంగా తీయడం ఆలస్యంగా వస్తుందని పరిశోధకులు కూడా ఒప్పుకుంటారు.

రెండో పక్షానికీ ఆధారముంది. కేరెన్ వాకర్, తానియా లొంబ్రోజో 2017లో ప్రచురించిన అధ్యయనంలో ఐదారేళ్ళ పిల్లలకు కథ చెప్పి, ఇలా ఎందుకు జరిగిందో వివరించమని అడిగారు. అలా అడిగినప్పుడు పిల్లలు సారాన్ని బాగా పట్టుకున్నారు. కొన్ని సందర్భాల్లో నీతిని నేరుగా చెప్పేయడం కంటే ఇదే బాగా పనిచేసింది. అంటే పోటీ ‘చెప్పడం’, ‘చెప్పకపోవడం’ అనే రెంటి మధ్య మాత్రమే లేదు, మూడో దారి కూడా ఉంది. వీడియో చివర నీతి వాక్యానికి పెట్టే నాలుగు సెకన్లలో ‘బుజ్జి ఎందుకు చెప్పేసింది?’ అన్న ప్రశ్న పెట్టవచ్చు. చిక్కేమిటంటే వీడియో జవాబు వినలేదు. పక్కన పెద్దవాళ్ళు ఉంటేనే ఆ ప్రశ్నకు ప్రాణం. పిల్ల ఒంటరిగా చూస్తుందని తెలిసినప్పుడు తిరగబడ్డ పల్లవి లాంటి స్పష్టమైన గుర్తు మీద ఆధారపడటమే మంచిది.

నీతి ఎంత మృదువుగా ఉండాలన్న దానికి ఈ కథకు నేరుగా సంబంధించిన ప్రయోగం ఒకటుంది. టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన కాంగ్ లీ, ఆయన సహచరులు 2014లో మూడు నుంచి ఏడేళ్ళ పిల్లలతో ఒక ఆట ఆడించారు. వెనక ఉన్న బొమ్మను చూడకుండా చప్పుడును బట్టి ఏమిటో చెప్పాలి. పెద్దమనిషి పక్కకు వెళ్ళగానే చాలామంది తొంగిచూస్తారు. తర్వాత ఒక కథ చదివి వినిపించి, ‘చూశావా?’ అని అడిగారు. మన ‘నాన్నా పులి’ని పోలిన తోడేలు కథ, అబద్ధమాడితే ముక్కు పొడుగయ్యే కొయ్యబొమ్మ కథ విన్నవాళ్ళు నిజం చెప్పడంలో పెద్ద మార్పు రాలేదు. చెర్రీ చెట్టు నరికి తండ్రి దగ్గర నిజం ఒప్పుకుని మెప్పు పొందిన జార్జి వాషింగ్టన్ కథ విన్నవాళ్ళలో నిజం చెప్పినవాళ్ళు పెరిగారు. అదే కథను చెడు ముగింపుతో మార్చి చెబితే ఆ ప్రభావం పోయింది. ఇది ఒక్క ప్రయోగం, కథ విన్న వెంటనే కొలిచింది, నెలల తర్వాత ఏమవుతుందో ఇది చెప్పదు. అయినా అబద్ధానికి శిక్ష చూపించడం కంటే, నిజం చెప్పాక ఆదరణ ఉంటుందని చూపించడం పనిచేయవచ్చన్న దిశ స్పష్టంగా ఉంది.

బుజ్జి కథ చివర్లో అమ్మమ్మ ఇంకో సున్నుండ పెడితే? నవ్వు వస్తుంది, ముగింపు తియ్యగా ఉంటుంది. కానీ నిజం చెప్పడం సున్నుండకు బేరమైపోతుంది. అమ్మమ్మ కోప్పడితే శిక్ష కథ అవుతుంది. ‘రా, ఇద్దరం కలిసి ఊడ్చేద్దాం’లో ఒలికింది శుభ్రం చేయాల్సిన పని అలాగే ఉంది, బుజ్జి ఒంటరి కాలేదు, పిల్లికి పాలు వచ్చాయి.

జంతువుల పాత్రలా, పిల్లల పాత్రలా అన్నదీ తెగని చర్చే. టొరంటోలోనే 2017లో నికోల్ లార్సెన్, కాంగ్ లీ, పాట్రీషియా గానియా చేసిన అధ్యయనంలో, పంచుకోవడం గురించిన కథను మనుషుల పాత్రలతో విన్న పిల్లలు తర్వాత ఎక్కువ స్టిక్కర్లు పంచారు. మనుషుల్లా బట్టలేసుకున్న జంతువుల కథ విన్నవాళ్ళలో అది కనబడలేదు. కాకి, నక్క, కుందేలు కథలతో తరతరాలుగా పెరిగిన మనకు ఇది వెంటనే మింగుడుపడదు, పడాల్సిన అవసరమూ లేదు. జంతువు కథ మాటకు, నవ్వుకు, లోకజ్ఞానానికి పనికొస్తుంది. ఒక ప్రత్యేకమైన ప్రవర్తనను పిల్ల తనకు అన్వయించుకోవాలంటే తనలాంటి పాత్ర దగ్గరవుతుందని మాత్రమే దీన్నుంచి తీసుకోవచ్చు. బుజ్జి కథలో తప్పు చేసేది మనిషి పిల్ల, పిల్లి పిల్లిలాగే ఉంది.

అరవై సెకన్ల లెక్క, అతుకు దగ్గర వచ్చే తంటా

తెలుగు స్క్రిప్టును పదాల్లో లెక్కేస్తే మోసపోతాం. ‘నిద్రపోతోంది’ ఒక పదం, ‘రా’ కూడా ఒక పదమే. అక్షరాల లెక్క నమ్మకమైనది. బుజ్జి కథలో పైకి పలికేవి సుమారు 120 అక్షరాలు. పిల్లల కథకు తగినట్టు సెకనుకు నాలుగక్షరాల నిదానంతో చదివితే 30 సెకన్లు. చప్పుళ్ళు, నిశ్శబ్దం కలిపి 20 సెకన్ల పైన. మిగిలినవి ఊపిరికి, పల్లవి తర్వాతి ఖాళీలకు. 200 అక్షరాలు రాసి నిమిషంలో ఇరికించబోతే ముందు పోయేది ఆ ఖాళీలే, తర్వాత చదివే గొంతు పరుగందుకుంటుంది. మూడు నిమిషాల వెసులుబాటు వచ్చింది కదా అని నాలుగో ప్రమాదం, ఐదో ప్రమాదం చేర్చినా లాభం ఉండదు, తుమ్ము తర్వాత అబద్ధం ఎక్కడానికి మెట్టు లేదు.

షార్ట్ అయిపోగానే తనంతట తానే మళ్ళీ మొదలవుతుంది. చివర చీపురు సరసర మెల్లగా తగ్గుతుంటే, ఆ మరుక్షణమే డబ్బా ఢాం! నిద్రకు ముందు వింటున్న పిల్ల ఉలిక్కిపడుతుంది. అందుకే ముగింపు చప్పుడు పూర్తిగా ఆగాక అర సెకను ఖాళీ, మొదటి ఢాంను మిగతా చప్పుళ్ళకంటే కాస్త తగ్గించి పెట్టడం అవసరం. కథను విడిగా వింటే ఈ తంటా తెలియదు, వరసగా మూడుసార్లు తిప్పి వింటేనే తెలుస్తుంది.

చివర్లో ‘మీకు నచ్చిందా? కామెంట్ చేయండి’ అని పెట్టే మూడు సెకన్లూ వృథా. పిల్లల వ్యక్తిగత సమాచారం సేకరించారన్న కేసులో 2019 సెప్టెంబరులో గూగుల్, యూట్యూబ్ అమెరికాలో 17 కోట్ల డాలర్లకు రాజీపడ్డాయి. 2020 జనవరి నుంచి పిల్లల కోసం చేసిన వీడియోలను అలా గుర్తించడం యూట్యూబ్‌లో తప్పనిసరైంది, ఏ దేశంలో చేసినా సరే. అలా గుర్తించిన వాటికి కామెంట్లు ఉండవు, చూసేవాళ్ళ అలవాట్లను బట్టి వేసే ప్రకటనలూ ఉండవు. ఆ మూడు సెకన్లు నిశ్శబ్దానికి పెట్టుకోవచ్చు.

అదే కథ, మూడేళ్ళకు ఒకటి, ఆరేళ్ళకు ఒకటి

ఈ కథంతా ఒక విషయం మీద నిలబడి ఉంది: అమ్మమ్మ నమ్ముతున్నది ఒకటి, జరిగింది మరొకటి. ఎదుటి మనిషి మనసులో తప్పు నమ్మకం ఉండగలదని పిల్లలకు తెలిసేది సాధారణంగా నాలుగేళ్ళ వయసు దగ్గర. అంతకంటే చిన్నవాళ్ళకు ‘నేను కాదు, పిల్లి!’ అబద్ధంగా పూర్తిగా ఎక్కదు. వాళ్ళకు ఇది డబ్బా, చెంబు, తుమ్ము, మ్యావ్‌ల కథ. పల్లవి అంటారు, తుమ్ముకు నవ్వుతారు, తిరగబడ్డ పల్లవి దగ్గర కూడా పాత పల్లవే అంటారు. అది కథ విఫలమైనట్టు కాదు, ఆ వయసుకు అందేది అంత. ‘సున్నుండ బుజ్జి నోట్లో ఉంది’ అన్న వాక్యాన్ని తీసేసి బొమ్మలో మాత్రమే చూపిద్దామని అనుకునేవాళ్ళు ఉంటారు. నాలుగేళ్ళ అంచున ఉన్న పిల్లలకు ఆ వాక్యమే ఆసరా కాబట్టి అది మాటల్లోనే ఉండాలి. ఆరేళ్ళ పిల్లలకు దాన్ని తీసేసినా ఫర్వాలేదు, తుమ్ము దగ్గర వాళ్ళే పట్టేస్తారు. వాళ్ళ నుంచి వచ్చే ప్రశ్న కూడా వేరుగా ఉంటుంది: ‘పిల్లి నిద్రపోతోందని అమ్మమ్మ ఎందుకు చూడలేదు?’ కథలో దానికి జవాబు లేదు. అమ్మమ్మ పక్క గదిలో ఉందని స్క్రిప్టులో రాసి ఉన్నా, ఆమె గొంతును దూరం నుంచి వస్తున్నట్టు రికార్డు చేయకపోతే ఆ సంగతి ఎవరికీ వినపడదు.